వెరికోస్ వీన్స్ ఆపరేషన్‌కి ప్రీ-ఆథరైజేషన్: సర్జన్ నోట్స్ నుంచి రిక్వెస్ట్ తయారు చేయడం

ప్రశ్న: సర్, ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్క్‌లో కొత్తగా చేరాను. సర్జన్ గారి నోట్స్, స్కాన్ రిపోర్టులు చూసి ప్రీ-ఆథ్ రిక్వెస్ట్ నేనే రాయాలి. వెరికోస్ వీన్స్ కేసు పంపినప్పుడల్లా క్వెరీ వస్తోంది. ఒకటి రెండు 'కాస్మెటిక్' అని రిజెక్ట్ కూడా అయ్యాయి. రిపోర్టులన్నీ జత చేస్తూనే ఉన్నాను. ఎక్కడ తప్పుతోందో అర్థం కావడం లేదు. త్వరలో ఇంకో కేసు పంపాలి, టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

రిపోర్టులన్నీ జత చేస్తున్నారు గానీ, వాటిలోంచి జవాబులు వెతుక్కునే పని అవతలి డాక్టరుకి వదిలేస్తున్నారని నా అనుమానం. ఇన్సూరెన్స్ కంపెనీలో మీ రిక్వెస్ట్ చదివే మెడికల్ ఆఫీసర్ పేషెంట్‌ని చూడరు, కాలు చూడరు. మీరు పంపిన కాగితాలే ఆయనకు పేషెంట్. ఫారంలో 'వెరికోస్ వీన్స్, లేజర్ అబ్లేషన్' అని ఒక్క లైను రాసి వెనకాల పది పేజీలు పెడితే, ఆయన వాటిని తిరగేసి మీ తరఫున కేసు కట్టరు. ఒక క్వెరీ వేసి తర్వాతి ఫైలు తీసుకుంటారు. నేను కొంతకాలం అటువైపు కుర్చీలో కూడా కూర్చున్నాను. అందులో కక్ష ఏమీ ఉండదు, ముందున్న ఫైళ్లు అన్ని ఉంటాయి, అంతే.

వెరికోస్ వీన్స్ విషయంలో అటు కూర్చున్నవాళ్లు వెతికేది చాలా కొద్ది. ఇది జబ్బా, లేక కాలు బాగా కనిపించడం కోసమా? సిరలో రక్తం వెనక్కి జారుతోందని కొలిచిన అంకె ఉందా? ఆపరేషన్ కన్నా ముందు ఏం చేసి చూశారు? అడుగుతున్న ఆపరేషన్, స్కాన్‌లో దొరికిన లోపం ఒకదానికొకటి సరిపోతున్నాయా? ఎప్పటి నుంచి ఉంది? రిక్వెస్ట్‌లో మీరు రాసే ప్రతి వాక్యం వీటిలో ఏదో ఒకదానికి జవాబు కావాలి. ఆ జవాబు ఏ పేజీలో ఉందో పక్కనే చెప్పాలి. పేజీ చూపించలేని వాక్యం రాయకండి.

మాటల్లో చెబితే తేలదు కాబట్టి ఒక నమూనా కేసు పట్టుకుందాం. నలభై ఎనిమిదేళ్ల ఆవిడ, రోజంతా నిలబడి చేసే ఉద్యోగం. సర్జన్ గారి ఓపీ నోట్స్ ఇలా ఉన్నాయనుకోండి: "కుడి కాలు వీవీ, మూడేళ్లుగా. సాయంత్రానికి బరువు, వాపు. స్కిన్ చేంజెస్ ప్లస్. అల్సర్ లేదు. కన్జర్వేటివ్ ఫెయిల్డ్. డాప్లర్: ఎస్ఎఫ్‌జే ఇన్‌కాంపిటెంట్. ఈవీఎల్‌ఏ, ఫ్లెబెక్టమీ అడ్వైజ్డ్." ఈవీఎల్‌ఏ అంటే లేజర్ అబ్లేషన్, పాడైన సిరని లోపలి నుంచి వేడితో మూసేయడం. ఫ్లెబెక్టమీ అంటే ఉబ్బిన సిరల్ని చిన్న గాట్లతో తీసేయడం. సర్జన్‌కి ఇది పూర్తి నోట్సే. పేషెంట్‌ని కళ్లారా చూసిన మనిషి తన గుర్తు కోసం రాసుకున్నది. మీరు దీన్నే ఎత్తి ఫారంలో దించేస్తే మాత్రం కనీసం మూడు క్వెరీలు ఖాయం.

ముందు డాప్లర్ రిపోర్టు, అంటే సిరల్లో రక్తం ఎటు పారుతోందో చూసే స్కాన్ రిపోర్టు తీయండి, ఎందుకంటే ఈ కేసు మొత్తం దాని మీదే నిలబడుతుంది. కాలి సిరల్లో రక్తం పైకి పోవాలి, కవాటాలు దాన్ని కిందికి జారనివ్వవు. పరీక్షలో పిక్కని నొక్కి వదులుతారు. వదిలిన తర్వాత కవాటం మంచిదైతే వెంటనే మూసుకుంటుంది. పాడైతే రక్తం కొంతసేపు వెనక్కి పారుతుంది. ఆ వెనక్కి పారే సమయాన్నే రిఫ్లక్స్ టైం అంటారు. చర్మం కింద ఉండే సఫీనస్ సిరల్లో అది 0.5 సెకన్లు దాటితే లోపం కింద లెక్క. తొడలోనూ మోకాలి వెనకా ఉండే లోపలి పెద్ద సిరల్లో 1 సెకను దాటాలి. 'ఎస్ఎఫ్‌జే ఇన్‌కాంపిటెంట్', అంటే గజ్జ దగ్గర సఫీనస్ సిర లోపలి సిరలో కలిసేచోట కవాటం పాడైంది, అన్నది అభిప్రాయం, '2.6 సెకన్లు' అన్నది కొలత. మెడికల్ ఆఫీసర్‌కి కావాల్సింది రెండోది.

ఇంకో విషయం చాలామంది చూడరు. ఈ పరీక్ష పేషెంట్‌ని నిలబెట్టి చేయాలి. పడుకోబెట్టి చేస్తే రక్తం మీద బరువు పడదు కాబట్టి రిఫ్లక్స్ సరిగ్గా బయటపడదు. రిపోర్టులో ఏ భంగిమలో చేశారో లేకపోతే, రేడియాలజీ వాళ్లను అడిగి ఆ మాట రాయించి తీసుకోండి. అది చిన్న ఫోన్ కాల్. తర్వాత వచ్చే క్వెరీకి మాత్రం రెండు మూడు రోజులు పోతాయి.

మన నమూనా రిపోర్టు లోపలి భాగంలో ఇలా ఉంది: నిలబెట్టి చేసిన పరీక్ష. కుడి గ్రేట్ సఫీనస్ సిర, గజ్జ దగ్గర వ్యాసం 8.1 మిల్లీమీటర్లు, తొడ మధ్యలో 6.4. గజ్జ నుంచి మోకాలి కింది దాకా రిఫ్లక్స్, 2.6 సెకన్లు. లోపలి సిరలు తెరుచుకునే ఉన్నాయి, రక్తం గడ్డలు లేవు. స్మాల్ సఫీనస్ సిరలో రిఫ్లక్స్ లేదు. ఇక్కడిదాకా బంగారం లాంటి రిపోర్టు. చివర 'ఇంప్రెషన్' దగ్గర మాత్రం "ఎడమ గ్రేట్ సఫీనస్ సిరలో రిఫ్లక్స్" అని ఉంది.

ఇది మీరనుకున్నంత అరుదు కాదు. పాత రిపోర్టు మీద కొత్తది టైప్ చేసేటప్పుడు ఇంప్రెషన్‌లో పాత కాలు అలాగే మిగిలిపోతుంది. అవతలి డాక్టర్ ముందు చదివేది ఇంప్రెషనే. సర్జన్ కుడి కాలంటారు, స్కాన్ ఎడమ కాలంటుంది, ఫైలు ఆగిపోతుంది. అంతకన్నా పెద్ద భయం ఏమిటంటే, ఆ కాగితం రేపు ఆపరేషన్ థియేటర్‌లోకి కూడా వెళ్తుంది. కాబట్టి మీ అలవాటు ఇలా ఉండాలి: ఫారం, ఓపీ నోట్స్, రిపోర్టు లోపలి భాగం, ఇంప్రెషన్, అడ్మిషన్ సలహా కాగితం పక్కపక్కన పెట్టుకుని కుడి, ఎడమ అనే మాటలు మాత్రమే వేలు పెట్టి చదవండి. తేడా కనిపిస్తే పెన్నుతో దిద్దొద్దు, సర్జన్ చేత కూడా దిద్దించొద్దు. రిపోర్టు రాసిన రేడియాలజిస్టే సవరించిన రిపోర్టు సంతకం, తేదీతో ఇవ్వాలి. కొట్టివేతలున్న రిపోర్టు వెళ్తే, ఒక్క తప్పు కోసం మొత్తం ఫైలునే అనుమానంగా చూస్తారు.

లోపలి సిరల గురించిన లైను రిక్వెస్ట్‌లో వదలకండి. లోపలి దారి గడ్డతో మూసుకుపోయి ఉంటే, పైన ఉబ్బిన సిరే ఒక్కోసారి రక్తం పోయే పక్కదారి అయి ఉంటుంది. దాన్ని లేజర్‌తో మూసేస్తే కాలికి చేటు. అందుకే సర్జన్ ఆ లైను చూశాకే ఆపరేషన్ నిర్ణయిస్తారు. అవతలి డాక్టర్ కూడా ఆ లైను కోసమే చూస్తారు.

ఇక 'కాస్మెటిక్' సంగతి. మీ రిజెక్షన్లు ఇక్కడే పుట్టి ఉంటాయి. సిరల జబ్బు తీవ్రతకి సీఈఏపీ అనే వర్గీకరణ ఉంది. 2020లో దాన్ని మళ్లీ సవరించారు. అందులో `C1` అంటే సన్నటి సాలెగూడు లాంటి సిరలు, `C2` అంటే ఉబ్బిన వెరికోస్ సిరలు, `C3` అంటే వాపు, `C4a` అంటే చర్మం నల్లబడటం లేదా ఎగ్జిమా, `C4b` అంటే చర్మం గట్టిపడటం లేదా తెల్లటి మచ్చలు, `C5` మానిన పుండు, `C6` మానని పుండు. `C1` మాత్రమే ఉంటే కాస్మెటిక్ అన్న మాట రావడంలో ఆశ్చర్యం లేదు. మన పేషెంట్‌కి వాపు ఉంది, చర్మంలో మార్పు ఉంది. కానీ నోట్స్‌లో ఉన్నది 'స్కిన్ చేంజెస్ ప్లస్' అనే మూడు ముక్కలే. నల్లబడిందా, దురదా, ఎగ్జిమానా, గట్టిపడిందా? అది మీరు ఊహించి రాసే విషయం కాదు. సర్జన్ దగ్గరికి వెళ్లి, "సర్, చర్మం గురించి వివరంగా ఒక లైను, సీఈఏపీ క్లాసు రాసివ్వండి, క్వెరీ రాకుండా ఉంటుంది" అని అడగండి. రోజూ క్వెరీలతో విసిగిపోయే సర్జన్లు ఇలాంటివి సంతోషంగానే రాస్తారు. ఆయన పేషెంట్‌ని మళ్లీ చూసి "కుడి చీలమండ లోపలివైపు నలుపు, దురదతో స్టేసిస్ ఎగ్జిమా, `C4a`" అని రాశారనుకుందాం. పేషెంట్ ఒప్పుకుంటే, తేదీతో ఒక ఫోటో కూడా పెట్టండి. ముఖం పడక్కర్లేదు, మోకాలి కింద నుంచి చాలు.

కోడ్ కూడా దీన్నిబట్టే మారుతుంది. ఐసీడీ-10లో వెరికోస్ వీన్స్‌కి నాలుగు గదులున్నాయి.

```
I83.0  పుండుతో
I83.1  ఇన్‌ఫ్లమేషన్‌తో
I83.2  పుండు, ఇన్‌ఫ్లమేషన్ రెండింటితో
I83.9  ఇవేవీ లేకుండా
```

డెస్క్‌లో చాలామంది అలవాటుగా `I83.9` కొట్టేస్తారు. ఎగ్జిమా ఉన్న కాలికి 'ఇబ్బంది ఏమీ లేదు' అనే అర్థం వచ్చే కోడ్ వేసి, కింద ఎగ్జిమా అని రాస్తే రెండూ పొసగవు. స్టేసిస్ ఎగ్జిమా, అంటే స్టేసిస్ డెర్మటైటిస్, `I83.1` కిందికి వస్తుంది. దీనికి ఉల్టా తప్పు ఇంకా ప్రమాదం: అప్రూవల్ వస్తుంది కదా అని, సర్జన్ రాయని ఇన్‌ఫ్లమేషన్‌ని కోడ్‌లో చూపించడం. ముందు సర్జన్ మాట, దాన్నిబట్టి కోడ్. మీ దేశంలో ఇంకా పొడవైన కోడ్లు వాడుతుంటే, కుడి ఎడమలు కోడ్‌లోనే ఉంటాయి. అక్కడ కూడా వేలు పెట్టి చదవాల్సిందే.

'కన్జర్వేటివ్ ఫెయిల్డ్', అంటే ఆపరేషన్ కాని చికిత్స పని చేయలేదు, అన్న రెండు మాటలు చూసి నాకు నవ్వొస్తుంది, ఎందుకంటే ప్రతి ఫైలులోనూ అవే రెండు మాటలు. ఏం వాడారు, ఎంతకాలం, వాడాక ఏమైంది? ఈ మూడూ కావాలి. మన కేసులో పాత ఓపీ చీటీ తీస్తే, క్లాస్ 2 కంప్రెషన్ మేజోళ్లు రాసిన తేదీ దొరికింది. ఐదు నెలల తర్వాతి చీటీలో "మేజోళ్లు వేసుకుంటే కొంత నయం, తీస్తే మళ్లీ బరువు, చర్మం నల్లబడటం మొదలైంది" అని ఉంది. ఈ రెండు చీటీలు కలిస్తే అది రుజువు. చీటీలు లేకపోతే మేజోళ్లు కొన్న బిల్లు కూడా పనికొస్తుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. వైద్యం చెప్పేది, పాలసీ చెప్పేది అన్నిసార్లూ ఒకటి కాదు. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ఆపరేషన్ లాంటి చికిత్సకి వీలున్న పేషెంట్‌కి వెరికోస్ వీన్స్ తగ్గించడానికి మేజోళ్లు ఇవ్వకూడదు. మొదటి ఎంపిక లేజర్ లేదా రేడియోఫ్రీక్వెన్సీ అబ్లేషనే. చాలా పాలసీలు మాత్రం కొన్ని నెలలు మేజోళ్లు వాడి చూడాలని అడుగుతాయి. సర్జన్ మార్గదర్శకం చూసి మేజోళ్లు రాయకపోతే తప్పు ఆయనది కాదు. కానీ మీ ఫైలులో ఆ గది ఖాళీగా ఉంటుంది. అప్పుడు వాడినట్టు కథ అల్లొద్దు. "ఈ పేషెంట్‌కి మేజోళ్లతో ఎందుకు ఆగలేదు" అని సర్జన్ చేత ఒక పేరా రాయించండి. చర్మం పాడవుతోంది, ఆలస్యమైతే పుండు పడొచ్చు అనేది నిజమైన కారణం. పాలసీలో షరతు గట్టిగా ఉంటే అది కూడా చాలకపోవచ్చు. ఆ సంగతి పేషెంట్‌కి ముందే చెప్పండి.

ఎప్పటి నుంచి ఉంది అన్న ప్రశ్న దగ్గర డెస్క్‌లో కూర్చున్నవాళ్లకి చెయ్యి వణుకుతుంది. ఓపీ నోట్స్‌లో 'మూడేళ్లు' ఉంది, అడ్మిషన్ కాగితంలో జూనియర్ డాక్టర్ 'ఏడాది' అని రాశారు. పాలసీ తీసుకుని రెండేళ్లే అయిందనుకోండి. ఏడాది అని పంపేస్తే పని అయిపోతుంది కదా అనిపిస్తుంది. అలా పంపకండి. పాలసీ తీసుకునేముందే ఉన్న జబ్బు చెప్పకుండా దాచారన్న అనుమానం వస్తే, ఆ ఆపరేషన్ డబ్బు ఆగడమే కాదు, పాలసీయే రద్దయ్యే దాకా పోవచ్చు. ఆ దెబ్బ తగిలేది పేషెంట్‌కి.

చాలాసార్లు రెండు అంకెలూ నిజమే, వేర్వేరు విషయాల గురించి. సర్జన్‌ని పేషెంట్‌తో మళ్లీ మాట్లాడమనండి. మన కేసులో తేలింది ఇది: సిరలు కనిపించడం మూడేళ్లుగా, అప్పట్లో నొప్పి లేదు, ఏ డాక్టర్‌కీ చూపించలేదు. బరువు, వాపు ఏడాదిగా. చర్మం మార్పు నాలుగు నెలలుగా. ఈ మూడింటినీ విడివిడిగా రాసి, సర్జన్ సంతకం పెట్టిస్తే, అప్పుడు నిర్ణయం పాలసీ నిబంధన ప్రకారం జరుగుతుంది. వెయిటింగ్ పీరియడ్ అడ్డొస్తే అడ్డొస్తుంది. కనీసం పేషెంట్ అబద్ధం చెప్పినట్టు రికార్డులో పడదు.

ఇప్పుడు ఇవన్నీ కలిపి రిక్వెస్ట్‌లో 'ఆపరేషన్ అవసరానికి కారణం' అన్న గదిలో ఏం రాయాలో చూడండి. పేజీ నంబర్లు మీరు జత చేసే కాగితాల మీద పైన కుడివైపు వేసుకుంటారు.

"48 ఏళ్ల మహిళ. కుడి కాలిలో ఉబ్బిన సిరలు మూడేళ్లుగా. ఏడాదిగా సాయంత్రం బరువు, చీలమండ వాపు. నాలుగు నెలలుగా చీలమండ లోపలివైపు నలుపు, స్టేసిస్ ఎగ్జిమా (పేజీ 2, ఫోటో పేజీ 3). సీఈఏపీ `C4a`. నిలబెట్టి చేసిన డాప్లర్ స్కాన్‌లో కుడి గ్రేట్ సఫీనస్ సిరలో గజ్జ నుంచి మోకాలి కింది దాకా రిఫ్లక్స్ 2.6 సెకన్లు, గజ్జ దగ్గర వ్యాసం 8.1 మిల్లీమీటర్లు; లోపలి సిరల్లో గడ్డ లేదు; స్మాల్ సఫీనస్ సిర మామూలుగా ఉంది (పేజీ 5, సవరించిన రిపోర్టు). క్లాస్ 2 కంప్రెషన్ మేజోళ్లు ఐదు నెలలు వాడినా, తీసిన వెంటనే లక్షణాలు తిరిగి వచ్చాయి, ఆ సమయంలోనే చర్మం మార్పు మొదలైంది (పేజీలు 7, 8). కుడి గ్రేట్ సఫీనస్ సిరకు లేజర్ అబ్లేషన్, పిక్కలోని ఉబ్బిన కొమ్మలకు ఫ్లెబెక్టమీ ప్రతిపాదిస్తున్నాం. ఎడమ కాలికి ఏ చికిత్సా అడగడం లేదు."

ఇంతే. చదవడానికి నిమిషం పట్టదు. 'తీవ్రమైన', 'భరించలేని', 'అత్యవసరం' లాంటి మాటలు ఒక్కటీ లేవని గమనించండి. ప్లాన్ చేసుకున్న ఆపరేషన్‌కి అత్యవసరం అని రాస్తే, మరి ఎమర్జెన్సీలో ఎందుకు చేర్చలేదని ఎదురు అడుగుతారు. ఆఖరి వాక్యం కావాలనే పెట్టాను. సవరణకి ముందున్న పాత రిపోర్టు ఎక్కడైనా సిస్టంలో ఉండిపోతే, ఆ వాక్యం అడ్డుకుంటుంది.

అంచనా ఖర్చు గదిలో ఒక్క మాట. లేజర్ అబ్లేషన్ ఎక్కువగా సిర చుట్టూ పలచని మత్తుమందు ఎక్కించి చేస్తారు, పేషెంట్ అదే రోజు నడిచి ఇంటికి వెళ్తారు. మీ ఆసుపత్రి పాత టెంప్లేట్‌లో 'మూడు రోజుల గది, జనరల్ అనస్తీషియా' అని ఉండి మీరు దాన్ని మార్చకపోతే, పైన రాసిన మంచి పేరా అంతా వృథా. నిజంగానే ఒక రాత్రి ఉంచాల్సిన కారణం ఉంటే (రక్తం పలచబడే మందులు, అదుపులో లేని షుగర్ లాంటివి) ఆ కారణం, దాని రిపోర్టు పేజీ రాయండి. లేజర్ ఫైబర్‌ని విడిగా చూపించండి, ప్యాకేజీలో కలిపేసి మళ్లీ విడిగా వేస్తే అక్కడ కోత పడుతుంది.

అయినా క్వెరీ వస్తే, అడిగినదానికే జవాబు ఇవ్వండి. రిఫ్లక్స్ టైం అడిగితే మొత్తం ఫైలు మళ్లీ అప్‌లోడ్ చేయడం చూస్తుంటాను. దానితో ఇంకో మూడు ప్రశ్నలు పుడతాయి. 'పేజీ 5, నాలుగో లైను, 2.6 సెకన్లు' అని ఆ పేజీ ఒక్కటే పెట్టండి. కాస్మెటిక్ అని తిరస్కరిస్తే, ఏ పాలసీ నిబంధన కింద తిరస్కరించారో రాతపూర్వకంగా అడగండి. ఆ నిబంధన మాటలు చదివాక, `C4a`, ఫోటో, రిఫ్లక్స్ అంకె పెట్టి సర్జన్ లేఖతో పునఃపరిశీలన కోరండి. కుదిరితే సర్జన్ నేరుగా వాళ్ల డాక్టర్‌తో మాట్లాడే ఏర్పాటు చేయండి. ఇద్దరు డాక్టర్లు ఐదు నిమిషాలు మాట్లాడుకుంటే తేలే కేసులు చాలానే ఉంటాయి.

అప్రూవల్ వచ్చాక కూడా ఫైలు మూసేయకండి. అప్రూవల్ అంటే డబ్బు చేతికొచ్చినట్టు కాదు. డిశ్చార్జి సమ్మరీ, ఆపరేషన్ నోట్స్ మీరు రాసినదానితో సరిపోతేనే ఫైనల్ బిల్లు పాస్ అవుతుంది. లేజర్ బదులు సిర తీసేసే పాత పద్ధతికి సర్జన్ మారినా, స్మాల్ సఫీనస్ సిరకు కూడా చికిత్స కలిపినా, ఆపరేషన్‌కి ముందే సవరించిన రిక్వెస్ట్ పంపాలి. కాబట్టి ఆపరేషన్ లిస్టు వేసే రోజు ఉదయం థియేటర్ సిస్టర్‌కి ఫోన్ చేసి, లిస్టులో రాసిన ఆపరేషన్ పేరు, కాలు చదివించుకోండి.